రాని బస్సు లేటు లెక్కలోకి రాదంట!

పామర్రు సెంటర్లో పొద్దున్నే ఏడింటికి నుంచుంటే ఒక చిత్రం కనపడుద్ది. బెజవాడ పోయేవాళ్ళంతా బందరు రోడ్డు వంక చూస్తా ఉంటారు, బందరు పోయేవాళ్ళంతా బెజవాడ వంక చూస్తా ఉంటారు. గుడివాడ బస్సు కోసం నుంచున్నోళ్ళు ఇంకోవైపు. ఎవరూ తాము పోయే దిక్కు చూడరు, బస్సు వచ్చే దిక్కే చూస్తారు. బండి ఇక్కడ పుట్టదు, ఇక్కడ ఆగిపోదు. ఎక్కడో బయలుదేరి ఎక్కడికో పోతా మధ్యలో మనల్ని ఎక్కించుకుపోద్ది. మనది మధ్య ఊరు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే ఉంది.

మా వీధిలో ఒకమ్మాయి భీమవరంలో చిన్న ఉద్యోగం చేస్తది. పామర్రుకి రైలు లేదు. ఇక్కడ బస్సెక్కి గుడివాడ పోయి, అక్కడ బెజవాడ నించి నరసాపురం వైపు పోయే రైలు పట్టుకోవాలి. ఆఫీసుకి నెలలో మూడుసార్లు ఆలస్యమైతే సగం రోజు జీతం కోస్తారంట. ఒకరోజు సాయంత్రం కనపడి, "బాబాయ్, ఇయ్యాల మళ్ళీ కోత పడింది. బస్సు లేటు. బస్సు లేటు అనుకుంటే రైలూ లేటే. అయినా ఫోన్లో చూస్తే రైలు టైముకే పోయిందని ఉంది, ఎట్టా?" అంది. నేను కూడా ఫోన్ తీసి చూశా. నిజమే. నరసాపురం దగ్గర బండి దాదాపు టైముకే చేరినట్టుంది. భీమవరంలో దిగినామెకి జీతం కోతా నిజమే.

రెండూ ఎట్టా నిజమయ్యాయో తెలుసుకోవటానికి పట్టింది నాకు కొన్ని నెలలు.

ముందు రైలు సంగతి చెప్తా, ఎందుకంటే దాని రికార్డు అందరూ చూడగలరు. మన రైల్వేలో మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్ళ సమయపాలన లెక్కేసేది చివరి స్టేషన్లో. బండి ఎక్కడ ఆగిపోద్దో అక్కడ ఎన్నింటికి చేరింది అన్నదే మార్కు. మధ్యలో ఏ స్టేషన్లో ఎంతసేపు జనం ప్లాట్‌ఫారం మీద కూచున్నారన్నది ఆ శాతంలోకి రాదు. ఇది నా మాట కాదు, 2022లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఎత్తి చూపిన మాట. రైళ్ళ సమయపాలన మీద కాగ్ ప్రత్యేకంగా చేసిన తనిఖీ అది. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఇట్టా చివరి స్టేషన్ లెక్కే తీసుకున్నా, 2012-13లో 79 శాతం ఉన్న సమయపాలన 2018-19కి 69.23 శాతానికి పడిపోయింది. ఆ ఏళ్ళలోనే పట్టాల మీదా వంతెనల మీదా లక్షల కోట్లు ఖర్చు పెట్టారు.

చివరి స్టేషన్లో కొలిస్తే నష్టం ఏంటంటారా? టైంటేబుల్ వేసేవాళ్ళు దారిలో పట్టాల పని కోసం, ట్రాఫిక్ కోసం కొన్ని నిమిషాలు అదనంగా పెడతారు. పెట్టాలి కూడా, అది లేకపోతే చిన్న అడ్డం వచ్చినా రోజంతా చెడిపోద్ది. కానీ ఆ నిమిషాలు ఎక్కడ పెడతారన్నది చూడండి. ఎక్కువగా పెద్ద జంక్షను ముందో, చివరి స్టేషను ముందో కుప్ప పోస్తారు. దీన్ని కనిపెట్టటానికి పెద్ద చదువు అక్కర్లేదు. టైంటేబుల్ తీసుకుని, బెజవాడ నించి గుడివాడ వైపు వచ్చే బండి బెజవాడ, రామవరప్పాడు మధ్య ఎన్ని నిమిషాలు తీసుకుంటదో చూడండి. తర్వాత అదే ముక్క, ఎదురు దిక్కులో బెజవాడలోకి పోయే బండికి ఎన్ని నిమిషాలు ఇచ్చారో చూడండి. పట్టాలు అవే, దూరం అదే. అయినా లోపలికి పోయేటప్పుడు బాగా ఎక్కువ ఇచ్చి ఉంటే, ఆ తేడానే దాచిపెట్టిన సమయం. బెజవాడ అవుటర్లో కూచోబెట్టినా రికార్డు చెడకుండా కాపాడేది అదే.

మా అమ్మాయి బండిని ఒక లెక్కగా చెప్తా. అంకెలు అర్థం కావటానికి వేసినవి, గుండ్రంగా తీసుకున్నా. బెజవాడలో బండి టైముకే కదిలింది అనుకోండి. గుడివాడకి 20 నిమిషాలు లేటు. భీమవరానికి 25 లేటు. పాలకొల్లు దాటి నరసాపురం చేరేసరికి 5 నిమిషాలే లేటు. నరసాపురం మార్కు చూసినోళ్ళకి ఈ బండి బంగారం. ఇప్పుడు ఒక్కో ముక్కకి ఎంత పోయిందో చూద్దాం. ఒక స్టేషన్ లేటులోంచి దాని ముందు స్టేషన్ లేటు తీసేస్తే ఆ మధ్య ముక్కలో పోగొట్టుకున్న సమయం వచ్చుద్ది. బెజవాడ, గుడివాడ మధ్య 20 పోయాయి. గుడివాడ, భీమవరం మధ్య 5 పోయాయి. భీమవరం, నరసాపురం మధ్య 20 తిరిగొచ్చాయి. డ్రైవరు విమానం తోలాడా? లేదు, అక్కడ దాచిన సమయం ఉంది, అంతే. జబ్బు బెజవాడ, గుడివాడ మధ్యలో ఉంటే, మందు పాలకొల్లు అవతల పోసి, రోగి బాగానే ఉన్నాడని రాశారు.

ఈ తీసివేత లెక్క ఒక్కటే చాలు. నెల రోజులు పొద్దున్నే ఎన్‌టీఈఎస్ యాప్‌లో నిన్నటి బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చిందో చూసి నోట్‌బుక్కులో రాసుకుంటే, ఏ ముక్క రోజూ తింటందో తెలిసిపోద్ది. రైల్వే దగ్గర మనకంటే మంచి లెక్కలున్నాయి. స్టేషన్లలో సిగ్నల్ దాటిన క్షణాన్ని యంత్రమే నమోదు చేసుద్ది. ఇప్పుడు చాలా ఇంజన్ల మీద ఇస్రో సాయంతో ఉపగ్రహ పరికరాలు పెట్టారు, అవి అర నిమిషానికోసారి బండి ఎక్కడుందో చెబుతాయి. కొలవటానికి సాధనం లేక మధ్య స్టేషన్లు వదిలెయ్యలేదన్నమాట.

ఇంకో మాట. మన గుడివాడ లైను ఒకప్పుడు సింగిల్ లైను. ఎదురు బండి వచ్చిందాకా ఇందుపల్లిలోనో ఉప్పలూరులోనో క్రాసింగు కోసం పడి ఉండాల్సిందే. బెజవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, దాంతోపాటు బందరు, నిడదవోలు కొమ్మలు, మొత్తం 221 కిలోమీటర్లు రెండో లైను, కరెంటు లైను వేశారు. క్రాసింగు బాధ పోయింది. కానీ బెజవాడ స్టేషనుకి ఒక పక్క కాజీపేట లైను, ఒక పక్క మద్రాసు లైను, ఇంకో పక్క విశాఖ లైను, వాటితోపాటు మన లైనూ వచ్చి చేరాల్సిందే. దారి వెడల్పు చేసి గుమ్మం అంతే ఉంచితే గుమ్మం కాడ తోపులాట తప్పదు. 2020 జూలై 1న మన రైళ్ళన్నీ నూటికి నూరు శాతం టైముకి నడిచాయని రైల్వే చెప్పుకుంది. కరోనా వల్ల ఆరోజు దేశం మొత్తం మీద రెండొందల చిల్లర బళ్ళే నడిచాయి. గుమ్మం ఖాళీగా ఉంటే అందరూ టైముకే వస్తారు. ఆలస్యానికి కారణం సిబ్బంది బద్ధకం అనుకునేవాళ్ళు ఆ రోజుని ఒకసారి తలుచుకోవాలి.

ఇక బస్సు. నా నెలలు తిన్నది ఇదే. రైలుకి ఉన్నట్టు బస్సుకి నిన్నటి రికార్డు మనం చూసే చోట లేదు. బండి ఇప్పుడెక్కడుందో చెప్పే యాప్ ఉంది, నిన్న ఎక్కడుందో చెప్పదు. డిపోలో లాగ్‌షీటు ఉండుద్ది, అందులో బయలుదేరిన టైమూ చేరిన టైమూ రాస్తారు. అదీ రెండు కొసలే. మళ్ళీ మధ్య ఊరు గల్లంతు.

ఒకరోజు సెంటర్లో టీ తాగుతా కిందకి చూశా. కాళ్ళ కింద నిండా టికెట్లు. ఒకటి తీసి చూస్తే తేదీ, టైము, ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, ఛార్జీ అన్నీ ఉన్నాయి. కొన్నిటి మీద సర్వీసు నంబరో బండి నంబరో కూడా ఉంది. కండక్టరు మిషను నొక్కిన ప్రతిసారీ ఆ బస్సు ఆ నిమిషాన ఎక్కడుందో ఒక సాక్ష్యం పుడతా ఉంది. అవన్నీ మిషన్లోంచి డిపో కంప్యూటర్లోకి పోతాయి. డబ్బు లెక్క చూసుకోవటానికి వాడతారు, టైము లెక్క కోసం ఎవరన్నా వాడతారా అన్నదే ప్రశ్న. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చాక ఆడవాళ్ళకి కూడా సున్నా ఛార్జీ టికెట్ కొడతన్నారు కాబట్టి సాక్ష్యాలు ఇంకా పెరిగాయి.

అప్పట్నించి చీటీలు ఏరటం మొదలెట్టా. మా ఇంట్లో "పిచ్చి పట్టింది" అన్నారు. టీ కొట్టాయన మటుకు ఊడ్చిన చీటీలు ఒక కవర్లో పోసి ఉంచేవాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పామర్రులో కింద పడే చీటీ పామర్రులో ఎక్కినోళ్ళది కాదు, దిగినోళ్ళది. అంటే దాని మీద ఉండేది ఉయ్యూరులోనో కంకిపాడులోనో బెజవాడలోనో ఎక్కినప్పటి టైము. మొదట్లో ఇది పనికిరాదనుకున్నా. తర్వాత తట్టింది, నాక్కావాల్సింది ఇదే కదా! బస్సు ఇక్కడికి ఎన్నింటికి వచ్చిందో నా గడియారం చెబుద్ది. ఉయ్యూరు ఎన్నింటికి దాటిందో చీటీ చెబుద్ది. ఒకే బండిలోంచి దిగిన నలుగురి చీటీలు కలిపితే బెజవాడ నించి పామర్రు దాకా ముక్క ముక్కకీ టైము వచ్చేసుద్ది. రైలుకి చేసిన తీసివేతే మళ్ళీ.

ఉదాహరణకి మధ్యాహ్నం బండి ఒకటి తీసుకోండి. బెజవాడలో 12.02, కంకిపాడులో 12.47, ఉయ్యూరులో 1.14, పామర్రులో 1.44. అంటే 45 నిమిషాలు, 27 నిమిషాలు, 30 నిమిషాలు. సాయంత్రం బండికి బెజవాడలో 5.02, కంకిపాడులో 6.15, ఉయ్యూరులో 6.42, పామర్రులో 7.12 అనుకోండి. మొదటి ముక్కకి 73 నిమిషాలు, తర్వాత మళ్ళీ 27, 30. మొత్తం ఆలస్యం 28 నిమిషాలూ కంకిపాడు లోపే పుట్టింది. బెంజి సర్కిలు, పటమట, పెనమలూరు దాటేలోపే తినాల్సింది తినేసింది. ఈ అంకెలు కూడా లెక్క కోసమే వేశా. నా నోట్‌బుక్కులో రోజుకో రకంగా ఉన్నాయి గానీ ఆకారం మటుకు ఎక్కువ రోజులు ఇదే. ఉయ్యూరు, పామర్రు మధ్య చెరుకు ట్రాక్టర్ల రోజుల్లో తప్ప పెద్ద తేడా రాదు. ఊరు వెళ్ళటానికి రోడ్డు విశాలం కావాలని గొడవ చేసే మేము, మా జబ్బు ఊరి రోడ్డులో లేదని ఈ చీటీల వల్లే తెలుసుకున్నాం.

చీటీని గుడ్డిగా నమ్మకూడదు. బెజవాడ బస్టాండులో బండి కదలకముందే ప్లాట్‌ఫారం మీదే టికెట్లు కొట్టేస్తారు, కాబట్టి ఆ టైము అసలు కదిలిన టైము కంటే ముందుండుద్ది. నేను అక్కడి చీటీల్లో అన్నిటికంటే చివరిది తీసుకున్నా. దారిలో ఎక్కినోళ్ళకి ఉల్టా. బస్సు నిండుగా ఉంటే కండక్టరు మనిషి దగ్గరికి చేరేసరికి బండి రెండు ఊళ్ళు దాటిపోద్ది. అక్కడ అన్నిటికంటే ముందు కొట్టింది తీసుకోవాలి. మిషను గడియారం తప్పుండొచ్చు. నేను బస్సెక్కినప్పుడల్లా టికెట్ చేతికొచ్చిన క్షణాన ఫోన్ టైము దాని వెనకాల రాసుకునేవాణ్ణి. తేడా ఒకటి రెండు నిమిషాలుంటే పట్టించుకోలా. ఒకసారి ఏడు నిమిషాలు ఉంది, ఆ బండి చీటీలు ఆరోజుకి పక్కన పెట్టేశా. మీరు ఎవరన్నా ఈ పని చేస్తే, చీటీలతో పాటు కనీసం వారం రోజులు గడియారం పట్టుకుని సెంటర్లో నుంచోండి. రెండూ కలవకపోతే చీటీల లెక్క చింపెయ్యండి.

ఇప్పుడు అసలు మోసం ఎక్కడుందో చెప్తా. చీటీ పుట్టాలంటే బస్సు రావాలి. రద్దయిన ట్రిప్పుకి చీటీ లేదు, రాని బస్సుకి లేటు లేదు. నేను మొదటి నెల లెక్కేసినప్పుడు గుడివాడ వైపు పొద్దున బళ్ళు భలే టైముకి నడిచినట్టు వచ్చింది. మా అమ్మాయికి చూపిస్తే నవ్వింది. "బాబాయ్, వచ్చినయ్యి టైముకే వచ్చాయి. రానియ్యి రాశావా?" అంది. రాయలా. అప్పుడు రాయటం మొదలెట్టా. రావాల్సిన బస్సు రాకపోతే, ఆ పక్కన తర్వాతి బస్సు వచ్చిన టైము వేసి, ఆ మధ్య కాలమంతా ఆలస్యమే అని రాశా. 7.10 బండి రాలేదు, తర్వాతది 7.40కి వచ్చింది అనుకోండి. 7.40 బండి టైముకే వచ్చిన బండి, 7.10కి నుంచున్న మనిషికి అర గంట లేటు. బండి లెక్క వేరు, మనిషి లెక్క వేరు. ఆ ఒక్క సవరణతో నా పేజీలో అన్నిటికంటే మంచి గంట అన్నిటికంటే చెడ్డ గంట అయి కూచుంది.

స్విట్జర్లాండు రైల్వే ఈ సంగతిని ఎప్పుడో అర్థం చేసుకుంది. వాళ్ళు బళ్ళని కాదు, ప్రయాణికుల్ని లెక్కేస్తారు. మూడు నిమిషాల లోపు చేరితేనే టైముకి వచ్చినట్టు. మారాల్సిన బండి అందిందా లేదా అన్నది కూడా చూస్తారు. మన పామర్రు బస్సు, గుడివాడ రైలు కథకి సరిగ్గా సరిపోయే కొలత అది. బస్సు 6 నిమిషాలు లేటయి రైలు తప్పిపోతే మనిషికి 6 నిమిషాలు పోలేదు, ఇంకో రైలు వచ్చిందాకా పోయింది. చిన్న దేశం, డబ్బున్న దేశం, మనకీ వాళ్ళకీ పోలికేంటి అనొచ్చు మీరు. రైళ్ళు పోల్చొద్దు, సరే. లెక్క రాసే పద్ధతికి డబ్బెందుకు?

సగటు సంగతి కూడా చెప్పాలి, ఆఫీసుల్లో మాట్లాడితే ముందు చెప్పేది అదే. "సగటు ఆలస్యం పది నిమిషాలేనండీ" అంటారు. రెండు బళ్ళు ఊహించుకోండి. ఒకటి ఇరవై రోజులూ కచ్చితంగా 10 నిమిషాలు లేటు. రెండోది 16 రోజులు టైముకే, 4 రోజులు 50 నిమిషాలు లేటు. రెండిటి సగటూ పదే. మొదటి బండితో మా అమ్మాయికి ఇబ్బంది లేదు. అది పది నిమిషాలు లేటు బండి అని తెలుసు, దానికి తగ్గట్టు ముందు బండికి పోద్ది. రెండోది జీతం తినే బండి. అందుకని నేను సగటు వేయటం మానేశా. ఇరవై రోజుల్లో పంతొమ్మిది రోజులు పని చెడకుండా ఉండాలంటే ఎంత ముందు బయలుదేరాలి అని చూస్తన్నా. మొదటి బండికి 10 నిమిషాలు. రెండోదానికి 50. ఈ లెక్కలో సాయంత్రం ఆరు నించి ఎనిమిదిన్నర మధ్య బెజవాడ నించి వచ్చే బళ్ళు, పొద్దున ఏడు, ఎనిమిది మధ్య గుడివాడ పోయే బళ్ళు నా నోట్‌బుక్కులో ముందున్నాయి. ఒక మనిషి, ఒక సెంటరు, కొన్ని నెలల లెక్క ఇది. దీన్ని పట్టుకుని జిల్లా మొత్తం తీర్పు చెప్పను.

ఒక చోట మటుకు నా అనుమానం తలకిందులైంది. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో బందరు నించి బెజవాడ పోయే బళ్ళు కొన్ని లేటుగా వస్తన్నాయి. ఆ టైములో బందరు రోడ్డు ఖాళీ, పంటకాలవ గట్టున కప్పల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మరెందుకు లేటు? ఇదేదో డ్రైవర్లు బందర్లో టీ తాగుతా కూచుంటన్నారని నేనూ అనుకున్నా. చీటీల మీద బండి నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాక తెలిసింది. సాయంత్రం 28 నిమిషాలు లేటుగా పామర్రు దాటిన బండే బందరు పోయి తిరిగొస్తంది. బందర్లో దానికి పది నిమిషాల విరామం ఉందనుకోండి. టీ తాగకుండా ఆ పదీ వదులుకుని తిప్పుకొచ్చినా ఇంకా 18 మిగులుద్ది. రాత్రి పామర్రులో నుంచున్న మనిషి తిట్టే 18 నిమిషాలు సాయంత్రం పటమటలో పుట్టినయ్యి. అంటే చెడ్డ గంట ఒకటి, చెడగొట్టిన గంట ఇంకోటి. గంటల వారీగా పట్టిక వేసి ఎనిమిదిన్నర కింద ఎర్రగీత గీసి, అక్కడ ఇంకో బస్సు వేసేస్తే డబ్బు దండగ. సాయంత్రం బెజవాడ ముక్కకి ఇచ్చిన రన్నింగ్ టైము పెంచాలి, లేకపోతే బందర్లో విరామం పెంచాలి. ఈ రెండో పని చేస్తే ఆ డ్రైవరుకి టీ కూడా దక్కుద్ది.

రన్నింగ్ టైము అన్నా కాబట్టి ఒక మాట. ఉచిత ప్రయాణం వచ్చాక ఆడవాళ్ళ వల్లే బస్సులు లేటు అని సెంటర్లో కొందరు ఈలలేస్తన్నారు. చీటీలు అట్టా చెప్పట్లా. ఎక్కేవాళ్ళు పెరిగితే ప్రతి స్టేజీలో కొన్ని క్షణాలు ఎక్కువ ఆగాలి, ప్రతి మనిషికీ టికెట్ కొట్టాలి, గుర్తింపు కార్డు చూడాలి, నిజమే. అది అయితే అన్ని ముక్కల్లోనూ కొంచెం కొంచెం కనపడాలి. కంకిపాడు లోపు 28 నిమిషాలు, తర్వాత సున్నా అన్నట్టు ఉండకూడదు. పల్లెవెలుగు బండి ఊరూరా ఆగుద్ది గనక అక్కడ ఆ కొంచెం నిజంగానే కనపడతంది, అదీ బడులు, కాలేజీల వేళకి. ఎక్కే జనం పెరిగినప్పుడు, తక్కువ జనం ఉన్న రోజుల్లో వేసిన టైము సరిపోద్దా లేదా చూసుకోవాల్సింది టైము వేసినవాళ్ళు. ఎక్కినామె కాదు.

చీటీలు ఏరేవాడు ఎంత ఏరినా కిందపడ్డవే ఏరగలడు. డిపో కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి. అందుకని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాశా. పది రూపాయల ఖర్చు, ముప్పై రోజుల గడువు. ఇందులో జాగ్రత్త ఒకటుంది. "బస్సులు ఎందుకు లేటు?" అని అడిగితే "రద్దీ వల్ల" అని ఒక్క ముక్క రాసి పంపుతారు. ఎందుకు అని అడక్కూడదు, ఉన్న రికార్డు అడగాలి. నేనడిగింది ఇది: ఒక నెలకి బెజవాడ, బందరు మధ్యా, పామర్రు, గుడివాడ మధ్యా నడిచిన ప్రతి ట్రిప్పుకీ సర్వీసు నంబరు, బండి నంబరు, ప్రతి స్టేజీలో కొట్టిన మొదటి టికెట్ టైము, చివరి టికెట్ టైము. ప్రయాణికుల పేర్లొద్దు, డబ్బుల లెక్కొద్దు. దాంతోపాటు వేరే కాగితం మీద, షెడ్యూలులో ఉండి ఆ నెలలో నడవని ట్రిప్పుల జాబితా తేదీల వారీగా. ఈ రెండోది లేకుండా మొదటిది ఇస్తే నేను మొదటి నెల చేసిన తప్పే అందరూ చేస్తారు. రైల్వేకి పెట్టిన దరఖాస్తులో గుడివాడ, భీమవరం స్టేషన్లలో బండి వచ్చిన టైములే అడిగా, నరసాపురం గురించి అడగలా. అది వాళ్ళే చెప్పుకుంటారు.

జవాబు రాగానే ఇక్కడే రాస్తా. ఈలోపు టీ కొట్టాయన నిన్న ఇంకో కవరు ఇచ్చాడు. వాన తడికి సగం చీటీల మీద అక్షరాలు చెరిగిపోయాయి, మిగతావి మంచం మీద ఆరబెట్టా. మా అమ్మాయి ఇప్పుడు 7.10 బండిని నమ్మటం మానేసి 6.40కే సెంటర్లో ఉంటంది. రోజుకి అర గంట నిద్ర పోయింది గానీ ఈ నెల ఇంకా కోత పడలేదంట.